ప్రొబేషన్, పెరోల్, ఫర్లో, రెమిషన్: ఏడేళ్ల శిక్షలో విడుదల తేదీని ఏది కదిలిస్తుంది?

ప్రశ్న: మా తమ్ముడికి ఐపీసీ 304 రెండో భాగం కింద ఏడేళ్ల కఠిన శిక్ష, పది వేల జరిమానా వేశారు. జరిమానా కట్టకపోతే ఇంకో ఆరు నెలలు. ఇంకా కట్టలేదు. జైల్లో రెండేళ్లు దాటాయి, హైకోర్టులో అప్పీలు నడుస్తోంది. ఒకరు ప్రొబేషన్ పెట్టమంటున్నారు, ఒకరు పెరోల్ అంటున్నారు, ఇంకొకరు రెమిషన్‌తో ముందే వచ్చేస్తాడంటున్నారు. ఫర్లో అని కూడా ఒకటి ఉందట. మాకు ఏది వర్తిస్తుంది?

జవాబు:

ఈ నాలుగింటినీ విడివిడిగా తెలుసుకునే ముందు ఒక్క విషయం పట్టుకోండి. ప్రతిదాని దగ్గరా "దీనివల్ల విడుదల తేదీ ఎటు జరుగుతుంది?" అని అడగాలి. ప్రొబేషన్ అయితే జైలే ఉండదు, కానీ అది కోర్టు శిక్ష వేసే సమయంలో తీసుకునే నిర్ణయం. రెమిషన్ విడుదల తేదీని ముందుకు తెస్తుంది. ఫర్లోలో మనిషి కొన్నాళ్లు ఇంటికి వస్తాడు, తేదీ ఉన్నచోటే ఉంటుంది. పెరోల్‌లో కూడా ఇంటికి వస్తాడు, కానీ చాలా రాష్ట్రాల్లో బయట ఉన్నన్ని రోజులూ విడుదల తేదీ వెనక్కి పోతుంది. మీకు నలుగురు నాలుగు మాటలు చెప్పడానికి కారణం ఇదే. "ఇంటికి రావడం", "శిక్ష తగ్గడం" రెండూ ఒకటే అనుకుని మాట్లాడుతున్నారు.

ముందు ప్రొబేషన్ సంగతి తేల్చేద్దాం. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టంలో సెక్షన్ 4 ప్రకారం, ఉరి గానీ యావజ్జీవం గానీ పడే అవకాశం లేని నేరమైతే, కోర్టు నిందితుణ్ణి దోషి అని తేల్చి కూడా వెంటనే శిక్ష వేయకుండా, మూడేళ్లకు మించని కాలానికి సత్ప్రవర్తన బాండు రాయించుకుని ఇంటికి పంపవచ్చు. ఈ దరఖాస్తు జైలు సూపరింటెండెంట్ దగ్గర పెట్టేది కాదు, ప్రభుత్వం ఇచ్చేదీ కాదు. మీ తమ్ముడి విషయంలో ఆ దశ ట్రయల్ కోర్టులో దాటిపోయింది. ఒక్క దారి మిగిలింది. సెక్షన్ 11 ప్రకారం అప్పీలు విచారించే హైకోర్టుకు కూడా అదే అధికారం ఉంది. 304 రెండో భాగానికి గరిష్ఠ శిక్ష పదేళ్లు, యావజ్జీవం లేదు కాబట్టి చట్టపరంగా అడగడానికి అడ్డు లేదు. అయితే ఒక మనిషి ప్రాణం పోయిన కేసులో, ఏడేళ్లు వేసిన తీర్పు మీద, ప్రొబేషన్ వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. మీ లాయరు అప్పీలులో శిక్ష తగ్గింపును ప్రధానంగా వాదించి, ప్రొబేషన్‌ను దాని తర్వాతి అభ్యర్థనగా ఉంచడం సబబు.

వయసు గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఇరవై ఒక్క ఏళ్ల లోపు వాళ్లకు సెక్షన్ 6 కింద ప్రత్యేక రక్షణ ఉన్న మాట నిజమే. జైలుకు పంపాలంటే కోర్టు కారణాలు రాయాలి. కానీ చూసేది నేరం జరిగిన నాటి వయసు కాదు, ట్రయల్ కోర్టు శిక్ష నిర్ణయించే నాటి వయసు. రామ్‌జీ మిస్సర్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. ఆ రోజుకు 21 నిండితే ఈ సెక్షన్ వర్తించదు.

ఇక అసలు లెక్క. తేదీలు వేసి చూస్తేనే ఇది అర్థమవుతుంది. మీవి రాయలేదు కనుక నేను ఉదాహరణకు కొన్ని తీసుకుంటున్నాను, మీవి పెట్టి మళ్లీ వేసుకోండి. శిక్ష 2023 ఆగస్టు 16న పడిందనుకుందాం. ఏడేళ్లు 2030 ఆగస్టు 15తో పూర్తవుతాయి. కేసు మొదట్లో 2020 మార్చి 10 నుంచి జూన్ 7 వరకు రిమాండులో ఉండి బెయిలు మీద వచ్చాడనుకోండి. అది 90 రోజులు. సీఆర్‌పీసీ 428 (ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 468) ప్రకారం ఈ రోజులు శిక్షలోంచి తీసేయాలి. దీన్నే సెటాఫ్ అంటారు. అప్పుడు తేదీ 2030 మే 17కు వస్తుంది.

ఇది దయ కాదు, హక్కు. అయినా తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. తీర్పులో "సెటాఫ్ ఇస్తున్నాం" అని ఉంటుంది, కానీ జైలుకు వెళ్లే కన్విక్షన్ వారెంటు మీద రోజుల సంఖ్య ఖాళీగా ఉండిపోతుంది. లేదా రిమాండు ఒక సబ్ జైల్లో గడిచి, శిక్ష సెంట్రల్ జైల్లో మొదలవుతుంది, పాత జైలు రికార్డు కొత్త చోటికి చేరదు. తేడా కనిపిస్తే రిమాండులో ఉన్న జైలు నుంచి కస్టడీ సర్టిఫికెట్ తీసుకుని, ట్రయల్ కోర్టులో మెమో వేయించి వారెంటు సరిచేయించండి. ఈ పని అప్పీలు తేలేదాకా ఆగక్కర్లేదు.

తర్వాత రెమిషన్. ఇందులో రెండు వేర్వేరు సంగతులు ఒకే పేరుతో తిరుగుతున్నాయి. ఒకటి జైల్లో నెలనెలా సంపాదించుకునేది. ప్రవర్తన బాగుండి, అప్పగించిన పని చేస్తే, రాష్ట్ర జైలు నిబంధనల ప్రకారం నెలకు ఇన్ని రోజులని కలుస్తాయి. వంటశాల లాంటి చోట్ల పనికి, తోటి ఖైదీలను చూసుకునే కన్విక్ట్ ఓవర్సీయర్ బాధ్యతకు కొన్నిచోట్ల అదనంగా ఇస్తారు. రోజుల సంఖ్య రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, మొత్తం కలిపి శిక్షలో ఇంత భాగం మించకూడదన్న పరిమితి కూడా ఉంటుంది. రెండోది ప్రభుత్వం ఇచ్చేది. ఆగస్టు 15, జనవరి 26 లాంటి సందర్భాల్లో జీవో ద్వారా వచ్చే ప్రత్యేక రెమిషన్, లేదా సీఆర్‌పీసీ 432 (ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 473) కింద ముందస్తు విడుదల. పత్రికలు "క్షమాభిక్ష" అని రాసేది దీన్నే. ఇది ఆ జీవోలోని షరతుల మీద ఆధారపడి ఉంటుంది, ఏటా వస్తుందని లెక్కలో వేసుకోకూడదు.

మన ఉదాహరణలో నెలకు 5 రోజులు, 60 నెలలకు కలిసాయనుకుంటే 300 రోజులు. 2030 మే 17 నుంచి 300 రోజులు ముందుకు జరిపితే 2029 జూలై 21. దాదాపు పది నెలలు తగ్గింది, కోర్టుకు వెళ్లకుండా, ఎవరినీ బతిమాలకుండా. అందుకే సంపాదించుకున్న రెమిషన్‌ను చిన్నచూపు చూడొద్దని చెబుతాను. ఇందుకు మరో వైపు కూడా ఉంది. జైల్లో ఫోను దొరికినా, కొట్లాట జరిగినా, పెరోల్ నుంచి ఆలస్యంగా వచ్చినా శిక్షగా మొదట కోసేది ఈ రోజులనే. ములాఖత్‌కు వెళ్లినప్పుడు మీ తమ్ముడికి ఈ మాట స్పష్టంగా చెప్పండి.

జరిమానా విషయం నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. పది వేలు కట్టకపోతే ఆరు నెలలు అదనం, అది ఏడేళ్లు అయిపోయాక మొదలవుతుంది. సెటాఫ్ దీనికి వర్తించదు, చట్టంలోనే మినహాయించారు. పైన పది నెలలు సంపాదించుకున్న మనిషి అందులో ఆరు నెలలు ఇక్కడ పోగొట్టుకుంటాడు. జరిమానా ఎప్పుడైనా కట్టవచ్చు. కట్టిన క్షణం ఆ అదనపు శిక్ష ఆగిపోతుంది. కొంత కడితే ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. సగం, అంటే అయిదు వేలు కడితే మూడు నెలలే మిగులుతుంది. శిక్ష వేసిన కోర్టులో చలానా కట్టి, రసీదు ప్రతి జైలుకు చేరిందో లేదో చూసుకోండి. రసీదు ఇంట్లో బీరువాలో ఉండి, జైలు రికార్డులో "జరిమానా చెల్లించలేదు" అని మిగిలిపోవడం వింత కాదు. నిజంగా కట్టే స్తోమత లేకపోతే కేంద్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన పేద ఖైదీల సహాయ పథకంలో శిక్ష పడినవాళ్ల జరిమానాకు 25,000 రూపాయల వరకు సాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా అడగాలి. ఉచిత న్యాయ సహాయం కోసం 15100కు ఫోన్ చేయవచ్చు.

ఇప్పుడు ఫర్లో, పెరోల్. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. గేటు దాటి ఇంటికి రావడం, చెప్పిన తేదీకి తిరిగి వెళ్లడం. కానీ పునాదులు వేరు. ఫర్లోకు కారణం చూపనక్కర్లేదు. కొన్నేళ్లు జైల్లో సక్రమంగా ఉన్నవాడు కుటుంబంతో సంబంధం తెగిపోకుండా ఉండటానికి, మంచి ప్రవర్తనకు ప్రతిఫలంగా ఇచ్చే విరామం అది. అందుకే ఆ రోజులు శిక్ష అనుభవించినట్టే లెక్క. పెరోల్‌కు మాత్రం కారణం కావాలి. తల్లిదండ్రుల తీవ్ర అనారోగ్యం, దగ్గరివాళ్ల మరణం, పిల్లల పెళ్లి, కూలిన ఇల్లు కట్టుకోవడం, సాగు పనులు లాంటివి. ఈ తేడాలను 2017లో అస్ఫాక్ వర్సెస్ రాజస్థాన్ తీర్పులో సుప్రీంకోర్టు వరసగా చెప్పింది. అందులో పెరోల్ నెల రోజుల దాకా, ఫర్లో గరిష్ఠంగా పద్నాలుగు రోజులు అని ఉంటుంది. ఆ అంకెలను దేశమంతటికీ ఒకటే అనుకోవద్దు. జైళ్లు రాష్ట్రాల పరిధిలోవి కనుక ఎవరు అర్హులు, ఎన్ని రోజులు, ఏడాదికి ఎన్నిసార్లు, ఏ నేరాలవాళ్లకు లేదు అన్నది మీ తమ్ముడు ఉన్న రాష్ట్రపు నిబంధనలే చెబుతాయి.

లెక్కలో పెట్టి చూడండి. 2029 జూలై 21 విడుదల తేదీ అనుకున్నాం. 14 రోజులు ఫర్లో మీద వచ్చి సమయానికి వెళ్తే తేదీ అదే. 30 రోజులు పెరోల్ మీద వస్తే, ఆ ఉత్తర్వులో "శిక్షను నిలుపుదల చేస్తూ" అన్న మాట ఉంటే, తేదీ ఆగస్టు 20కి జరుగుతుంది. పైగా బయట ఉన్న ఆ నెలకు సాధారణంగా రెమిషన్ కూడా జమ కాదు. 2023లో రోహన్ ధుంగట్ వర్సెస్ గోవా కేసులో సుప్రీంకోర్టు ముందస్తు విడుదలకు కావలసిన అసలు జైలు కాలాన్ని లెక్కించేటప్పుడు పెరోల్ రోజులను తీసేయాల్సిందేనని చెప్పింది. కాబట్టి రెండింటికీ అర్హత ఉండి, అత్యవసరం ఏమీ లేకపోతే ఫర్లో వాడుకోవడం మంచిది. అమ్మకు ఆపరేషన్ లాంటిది ఉంటే పెరోల్ అడగాల్సిందే. ముప్పై రోజులు వెనక్కి పోతాయని ఆ సమయంలో వెనకాడనక్కర్లేదు.

ఫర్లో కూడా అడగగానే దక్కే హక్కు కాదు. 2021లో నారాయణ్ సాయి కేసులో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పి, ఇచ్చిన ఫర్లోను రద్దు చేసింది. బయటికి వస్తే శాంతిభద్రతలకు, సాక్షులకు, బాధిత కుటుంబానికి ఇబ్బంది అని పోలీసులు నివేదిక ఇస్తే నిరాకరించవచ్చు.

దరఖాస్తు ఎలా నడుస్తుందో తెలిస్తే ఎక్కడ ఆగిందో పట్టుకోవచ్చు. మీ తమ్ముడి సంతకంతో దరఖాస్తు సూపరింటెండెంట్‌కు ఇవ్వాలి, కారణానికి రుజువులు జతచేయాలి. ఆసుపత్రి పత్రాల్లో జబ్బు పేరు, ఆపరేషన్ తేదీ, డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి. "అమ్మకు ఆరోగ్యం బాలేదు" అన్న మామూలు చీటీ పనికిరాదు. జైలు నుంచి ఖైదీ శిక్ష వివరాలన్నీ ఉండే నామినల్ రోల్‌తో పాటు మీ ఊరి పోలీసు స్టేషన్‌కు, కొన్నిచోట్ల ప్రొబేషన్ అధికారికి కూడా విచారణకు వెళ్తుంది. నివేదిక తిరిగొచ్చాక, రోజుల సంఖ్యను బట్టి జైళ్ల శాఖ అధికారి గానీ ప్రభుత్వం గానీ నిర్ణయిస్తారు. మంజూరైతే పూచీకత్తు బాండు, ఉండబోయే చిరునామా, స్టేషన్‌లో హాజరు షరతులు ఉంటాయి.

ఎక్కువ దరఖాస్తులు పోలీసు నివేదిక దగ్గరే పోతాయి. కానిస్టేబుల్ ఇంటికి వచ్చినప్పుడు తాళం వేసి ఉంటే "చిరునామాలో లేరు" అని రాస్తాడు. బాధిత కుటుంబం అదే వీధిలో ఉంటే "గొడవలు జరిగే ప్రమాదం" అని వస్తుంది. మీది మరణం జరిగిన కేసు కనుక ఇది మీకు ముఖ్యం. ఊరికి దూరంగా ఉన్న బంధువు ఇంటి చిరునామా ఇచ్చి, ఆయన అంగీకార పత్రం, గుర్తింపు కాగితం ముందే జతచేయండి. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. కారణం లేని, లేదా "నేరం తీవ్రమైనది" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టిన ఉత్తర్వును హైకోర్టులో రిట్ వేసి సవాలు చేయవచ్చు. అస్ఫాక్ తీర్పులోనే, నేరం తీవ్రత ఒక్కటే పెరోల్ నిరాకరణకు చాలదని ఉంది.

మీ అప్పీలు పెండింగ్‌లో ఉండటం ఇక్కడ అడ్డు రావచ్చు. అప్పీలు విచారణలో ఉన్నంత కాలం పెరోల్ ఇవ్వకుండా, "ఆ కోర్టునే అడగండి" అని కొన్ని రాష్ట్రాల అధికారులు తిప్పి పంపుతారు. అప్పుడు సీఆర్‌పీసీ 389 (ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 430) కింద శిక్ష నిలుపుదల, బెయిలు కోసం హైకోర్టులో అడగాలి. శిక్షలో గణనీయమైన భాగం గడిచిపోయి, అప్పీలు దగ్గరలో వినే అవకాశం లేకపోతే దీనికి బలం వస్తుంది. మీ కేసులో ఇంటికి త్వరగా తెచ్చే అసలు దారి ఇదేనని నా అభిప్రాయం. ఒక్కటి గుర్తుంచుకోండి. ఇలా బెయిలు మీద బయట ఉన్న కాలం కూడా, చివరికి శిక్ష ఖరారైతే, లెక్కలోకి రాదు.

పెరోల్ మీద గానీ ఫర్లో మీద గానీ వచ్చాక చివరి రోజు జాగ్రత్త. ఉత్తర్వులో తేదీతో పాటు గంట ఉంటే ఆ గంటకు, లేకపోతే సాయంత్రం లాకప్‌కు ముందే జైలు గేటు దగ్గర ఉండాలి. జ్వరమొచ్చినా, అమ్మ పరిస్థితి విషమించినా గడువు ముగియక ముందే పొడిగింపు అడగాలి. పొడిగింపు కోసం దరఖాస్తు పెట్టడం, పొడిగింపు దొరకడం ఒకటి కాదు. ఉత్తర్వు చేతికి రాకపోతే సమయానికి లొంగిపోవాల్సిందే. పది రోజులు ఆలస్యమైతే ఆ పది రోజులూ తేదీకి కలుస్తాయి, రెమిషన్ కోత పడుతుంది, మళ్లీ ఫర్లో అడిగినప్పుడు ఈ నమోదే ముందుకొస్తుంది.

పద్నాలుగేళ్ల మాట మీకు ఎవరైనా చెబితే పట్టించుకోకండి. సీఆర్‌పీసీ 433ఏ (ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 475) చెప్పే ఆ పద్నాలుగేళ్లు, ఉరి కూడా పడగల నేరంలో యావజ్జీవం పడినవాళ్లకూ, ఉరి యావజ్జీవంగా మారినవాళ్లకూ కనీస గడువు. పద్నాలుగేళ్లు నిండితే తలుపు తెరుచుకుంటుందని కాదు. యావజ్జీవం అంటే జీవితాంతమేనని 1961లో గోపాల్ గాడ్సే కేసు నుంచీ ఉన్న మాట. అక్కడ విడుదలకు ప్రభుత్వ ఉత్తర్వు తప్పనిసరి. మీ తమ్ముడిది నిర్దిష్ట కాలపు శిక్ష కాబట్టి లెక్క పూర్తయిన రోజున ఎవరి ఉత్తర్వూ లేకుండా బయటికి రావాలి. గంజాయి లాంటి మాదకద్రవ్యాల కేసుల్లో పడ్డవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ చట్టం సెక్షన్ 32ఏ వల్ల రెమిషన్ ఉండదు. కానీ 2000లో దాదూ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ పెరోల్‌కు అడ్డు కాదని చెప్పింది.

ఈ వారం మీరు చేయాల్సింది, తర్వాతి ములాఖత్‌లో మీ తమ్ముడితో నామినల్ రోల్ ప్రతి కోసం దరఖాస్తు పెట్టించడం. లాయరు ద్వారా కూడా అడగవచ్చు. అందులో నాలుగు గళ్లు చూడండి: శిక్ష మొదలైన తేదీ, సెటాఫ్ రోజులు, ఇప్పటిదాకా జమైన రెమిషన్, జరిమానా స్థితి. సెటాఫ్ దగ్గర సున్నా ఉంటే ట్రయల్ కోర్టుకు, జరిమానా దగ్గర "చెల్లించలేదు" అని ఉంటే చలానాకు వెళ్లండి. రెమిషన్ దగ్గర అంకె తక్కువగా అనిపిస్తే ఏ నెలల్లో జమ కాలేదో, ఎందుకో సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా రాసి అడిగించండి. ఆ నాలుగు గళ్లలోని అంకెలు, అప్పీలు నంబరు, ఏ రాష్ట్రపు జైలో ఇక్కడ రాస్తే (పేర్లు వద్దు) ఫర్లో అర్హత, 430 కింద పిటిషన్ సంగతి మీ కేసుకు సరిపడా చెప్పగలను.